నెక్‌లైన్ తెగిన తర్వాత

నల్లగొండ పక్కనే ఉన్న పానగల్ నుంచి ఒక కుర్రాడు అప్పుడప్పుడు నాకు చార్టులు పంపుతుంటాడు. వాళ్ల ఇంట్లో పెద్దవాళ్లు ఒకప్పుడు మెట్ట చేలల్లో ఆముదాలు పండించారు. ఇతను ఆ ఆముదాలనే ఫ్యూచర్స్ ధరల్లో చూస్తున్నాడు. మొన్న పంపిన చార్టు మీద మూడు చోట్ల ఎర్రగా గుండ్రాలు చుట్టి, కింద ఒక గీత గీసి, “అన్నా, హెడ్ అండ్ షోల్డర్స్ వచ్చేసింది. అమ్మాల్నా?” అని అడిగాడు. నేను చూసేసరికి ధర ఆ గీతకు ఇంకా పైనే ఉంది. అంటే హెడ్ అండ్ షోల్డర్స్ అప్పటికి రాలేదు. గీత కింద ధర ముగిసేదాకా అవి మూడు శిఖరాలు మాత్రమే. ఈ ఒక్క సంగతి చాలామందికి పుస్తకంలో చదివినప్పుడు గుర్తుంటుంది గానీ, తెర ముందు కూర్చున్నప్పుడు గుర్తుండదు.

ముందు ఆకారం సంగతి చూద్దాం. ధర కొంతకాలంగా పెరుగుతూ వస్తోంది. ఒక శిఖరం చేరి కాస్త దిగింది. అది ఎడమ భుజం. మళ్లీ కొనేవాళ్లు వచ్చారు, ధర ఆ శిఖరాన్ని దాటి ఇంకా పైకి పోయింది. కానీ అక్కడి నుంచి దిగినప్పుడు మధ్యలో ఆగకుండా, ఇంచుమించు ఇంతకుముందు ఆగిన పల్లం దాకా వచ్చేసింది. అది తల. మూడోసారి లేచింది గానీ తల ఎత్తుకు చేరలేక, సుమారు ఎడమ భుజం ఎత్తులోనే ఆగి వెనక్కి తిరిగింది. అది కుడి భుజం. మధ్యలో ఏర్పడిన రెండు పల్లాలను కలుపుతూ గీసే గీతను నెక్‌లైన్ అంటారు.

ఇందులో మహిమ ఏమీ లేదు. పెరుగుతున్న మార్కెట్‌లో ప్రతి శిఖరం ముందుదానికన్నా ఎత్తులో ఉంటుంది, ప్రతి పల్లం కూడా ముందుదానికన్నా ఎత్తులోనే ఆగుతుంది. తల దగ్గరి నుంచి దిగిన ధర పాత పల్లం దాకా వచ్చిందంటే ఆ వరసలో ఒక మెట్టు తప్పింది. కుడి భుజం తలను అందుకోలేదంటే రెండో మెట్టు తప్పింది. నెక్‌లైన్ కిందికి ధర జారితే, పెరుగుదల అని చెప్పుకోవడానికి మిగిలిన చివరి ఆధారం కూడా పోయింది. పైగా ఎడమ భుజం మొదలైన దగ్గరి నుంచి ఆ గీతకు పైన కొన్నవాళ్లంతా ఆ క్షణాన నష్టంలో ఉంటారు. వాళ్లలో కొందరు భయంతో అమ్ముతారు, కొందరు ధర మళ్లీ కొన్న రేటుకు వస్తే చాలు బయటపడదామని ఎదురుచూస్తారు. అందుకే గీత తెగాక ధర ఒకసారి వెనక్కి వచ్చి ఆ గీతను కింది నుంచి తాకడం తరచుగా కనిపిస్తుంది. దాన్ని రీటెస్ట్ అంటారు.

ఇక్కడ ఒక షరతు ఉంది. తిరగబడాలంటే ముందు తిరగబడేంత పెరుగుదల ఉండాలి. నెల రోజులుగా అక్కడక్కడే ఊగుతున్న ధరలో ఎక్కడ చూసినా మూడు గుట్టలు కనిపిస్తాయి. ఐదు నిమిషాల చార్టులోనైతే రోజుకు నాలుగు దొరుకుతాయి. వాటికి ఈ పేరు పెట్టడం దండగ. ఆకారం ఎత్తు కన్నా దానికి ముందు జరిగిన పెరుగుదల పెద్దదై ఉండాలన్నది నేను పాటించే కనీస లెక్క.

టార్గెట్ లెక్క చాలా సులువు. తల శిఖరం నుంచి నిట్టనిలువుగా కిందికి దిగి నెక్‌లైన్ దాకా ఉన్న దూరం కొలవాలి. ఆ దూరాన్నే గీత తెగిన చోటు నుంచి కిందికి తీసివేయాలి. వచ్చిన అంకె టార్గెట్. ధర అక్కడికి చేరి తీరుతుందని దీని అర్థం కాదు. పైన ఎంత ఊపుతో ధర ఊగిందో, కింద కూడా సుమారు అంత ఊగవచ్చన్న అంచనా, అంతే. ఈ పాఠాన్ని 1948లో రాబర్ట్ ఎడ్వర్డ్స్, జాన్ మెగీ తమ పుస్తకంలో స్థిరపరిచారు. నేటికీ అందరూ చెప్పేది దాదాపు అదే.

ఇక అంకెల్లోకి వద్దాం. ఇది అమెరికా కథే అయినా, ఈ ఆకారం గురించి నేర్చుకోవలసినవన్నీ ఒకే చోట దొరికే సందర్భం 2009 వేసవిలో ఎస్ అండ్ పీ 500 సూచీలో వచ్చింది. అప్పుడు ఈ హెడ్ అండ్ షోల్డర్స్ గురించి మాట్లాడని మార్కెట్ వ్యాఖ్యాత లేడంటే అతిశయోక్తి కాదు.

2008 పతనం తర్వాత ఆ సూచీ 2009 మార్చి 6న 667 దాకా పడింది. అక్కడి నుంచి లేచి మే 8 నాటికి 930 చేరింది. ఎడమ భుజం. మే నెల మధ్యలో సుమారు 880 దాకా దిగి ఆగింది. మళ్లీ లేచి జూన్ 11న 956 తాకింది. తల. జూన్ 23న 889 దాకా దిగింది. మళ్లీ లేచి జూలై 1న 932 దగ్గర ఆగిపోయింది. కుడి భుజం. చూడండి, ఒక భుజం 930, రెండోది 932. పుస్తకంలో బొమ్మ గీసినా ఇంత పొందికగా ఉండదు. ముందు పెరుగుదల కూడా ఉంది, 667 నుంచి 956 అంటే నూటికి 43 వంతులు. షరతులన్నీ కుదిరాయి.

నెక్‌లైన్ ఎక్కడ గీయాలి? ఇక్కడే మొదటి చిక్కు. రెండు పల్లాలు ఒకటి 880, ఇంకొకటి 889. వాటిని కలిపితే గీత కొంచెం పైకి వాలుతుంది, జూలై మొదటి వారానికి 892 దగ్గర ఉంటుంది. అలా కాకుండా, ముఖ్యమైన మద్దతు 880 కదా అని అడ్డంగా ఒక గీత గీసినవాళ్లూ ఉంటారు. జూలై 7న సూచీ 881 దగ్గర ముగిసింది. వాలు గీత గీసినవాడికి అది 11 పాయింట్ల స్పష్టమైన బ్రేక్. అడ్డ గీత గీసినవాడికి ఇంకా ఏమీ జరగలేదు. మరునాడు 8వ తేదీన 879.56 దగ్గర ముగిసింది. ఇప్పుడు అడ్డ గీత కూడా తెగింది, కానీ అర పాయింటు కూడా లేదు. ఒకే చార్టు, ఒకే ఆకారం, ఇద్దరికి వేర్వేరు రోజుల్లో, వేర్వేరు బలంతో తెగింది. వాళ్ల టార్గెట్లు కూడా వేరే. అడ్డ గీత ప్రకారం ఎత్తు 956లోంచి 880 తీసేస్తే 76. టార్గెట్ 804. వాలు గీత ప్రకారం తల కింద గీత 886 దగ్గర ఉంది కాబట్టి ఎత్తు 70. తెగిన చోట గీత 892 కాబట్టి టార్గెట్ 822.

ఆ తర్వాత ఏం జరిగింది? జూలై 8న రోజు మధ్యలో 869 దాకా పోయింది. 10వ తేదీ శుక్రవారం 879.13 దగ్గర ముగిసింది. సోమవారం, 13న, ఒక్కసారిగా 901కి వచ్చి ముగిసింది. 15న 932.68 దగ్గర, అంటే కుడి భుజం శిఖరానికి పైన. ఆగస్టు 3న సూచీ వెయ్యి దాటి ముగిసింది. 804 కాదు కదా, 869 కూడా మళ్లీ కనిపించలేదు. బ్యాంకుల మీద నమ్మకం తిరిగి వచ్చింది, కంపెనీల ఫలితాలు అనుకున్నదానికన్నా బాగున్నాయి. అంతకుముందు అమ్మినవాళ్లంతా నష్టం ఆపుకోవడానికి తిరిగి కొనాల్సి వచ్చింది. ఆ కొనుగోళ్లు పెరుగుదలకు ఇంకా ఊపునిచ్చాయి. ఎక్కువమంది చూసిన ఆకారం విఫలమైతే ఎదురు కదలిక అంత గట్టిగా ఉండటానికి కారణం ఇదే.

ఈ కథలో ఒక అమ్మకందారుడిని నిలబెట్టి లెక్క వేద్దాం. 880 దగ్గర అమ్మాడు. టార్గెట్ 804, అంటే 76 పాయింట్ల ఆశ. స్టాప్‌లాస్ ఎక్కడ? ధర కుడి భుజాన్ని దాటితే ఆకారం చెడిపోయినట్టే కాబట్టి పుస్తకం చెప్పే చోటు 932 పైన. అంటే 52 పాయింట్ల భయం. 52 పోగొట్టుకోవడానికి సిద్ధపడి 76 కోసం ఆడేవాడు నష్టపోకుండా ఉండాలంటే నూటికి 41 సార్లయినా గెలవాలి, అది కూడా బ్రోకరేజీ, పన్నులు లెక్కలోకి తీసుకోకుండా. హెడ్ అండ్ షోల్డర్స్ గురించి చెప్పేవాళ్లలో ఈ చిన్న భాగహారం చేసి చూపించేవాళ్లు తక్కువ. టార్గెట్ గీసి చూపిస్తారు, స్టాప్‌లాస్ దూరం చూపించరు.

అర పాయింటు తెగితే బ్రేక్ ఎలా అవుతుంది అని మీకు అనుమానం రావాలి. మెగీకి కూడా వచ్చింది. ముగింపు ధర గీతకు నూటికి 3 వంతులు దూరం పోతేనే నమ్మమన్నాడు. 880కి ఆ లెక్క వేస్తే 854. 2009 జూలైలో సూచీ అక్కడికి పోనేలేదు. ఆ నియమం పాటించినవాడు ఆ వలలో పడలేదు. మంచిదే. కానీ దాని ఖరీదు కూడా చూడండి. నిజంగా తెగి ఉంటే అతను 854 దగ్గర అమ్మేవాడు. అక్కడి నుంచి టార్గెట్ 50 పాయింట్లు, స్టాప్‌లాస్ 78 పాయింట్లు. ఇప్పుడు నూటికి 61 సార్లు గెలిస్తేనే అసలు నిలుస్తుంది. తప్పుడు బ్రేక్‌లను వడకట్టే ప్రతి జల్లెడా నిజమైన బ్రేక్‌లో వచ్చే లాభాన్ని కూడా కొంత మింగేస్తుంది. రెండూ ఒకేసారి దొరకవు.

ఇంకో దారి ఉంది. ధర గీతకు పైన మళ్లీ ముగిస్తే కుడి భుజం దాకా ఆగకుండా బయటపడటం. 2009లో అయితే జూలై 9న 882.68 ముగింపు దగ్గర, అంటే మూడు పాయింట్ల లోపు నష్టంతో తేలిపోయేవాడు. ఇది నాకు నచ్చిన పద్ధతి. కానీ ముందు చెప్పుకున్న రీటెస్ట్ ఉంది కదా, ధర మళ్లీ గీతను తాకడానికి వచ్చి ఒకరోజు కాస్త పైన ముగిసి ఆ తర్వాత పడిపోయే సందర్భాలు ఉంటాయి. అప్పుడు ఈ పద్ధతి పాటించినవాడు సరైన వైపున ఉండి కూడా బయటే మిగులుతాడు. ఏ పద్ధతైనా సరే, అమ్మకముందే ఎంచుకోవాలి. అమ్మిన తర్వాత ఎంచుకుంటే ప్రతిసారీ దూరంగా ఉన్న స్టాప్‌లాసే ఎంచుకుంటాం.

పని చేసిన సందర్భం కూడా ఒకటి చూడాలి, లేకపోతే ఇదంతా ఎగతాళిలా ఉంటుంది. తెలుగు ఇళ్లలో అందరికీ పట్టే బంగారంలోనే ఉంది అది. ఇది తలకిందుల ఆకారం, పడిపోతున్న ధర అడుగున ఏర్పడేది. లెక్కలన్నీ అవే, దిక్కు మాత్రం పైకి. అంతర్జాతీయ ధర 2008 మే మొదట్లో ఔన్సుకు సుమారు 850 డాలర్ల దాకా దిగింది, జూలైలో 985 దాటింది. అక్టోబరులో ప్రపంచమంతా డబ్బు కోసం వెతుక్కుంటున్నప్పుడు సుమారు 680కి పడింది. అది తల. 2009 ఫిబ్రవరిలో వెయ్యి చేరి, ఏప్రిల్‌లో 865 దగ్గర ఆగింది. నెక్‌లైన్ ఇంచుమించు వెయ్యి. అక్టోబరు మొదటి వారంలో ధర దాన్ని గట్టిగా దాటింది. మెగీ చెప్పిన నూటికి 3 వంతులు, అంటే 1030, కూడా ఆ వారంలోనే దాటేసింది.

ఎత్తు 1000లోంచి 680 తీసేస్తే 320. టార్గెట్ 1320. ధర అక్కడికి చేరింది. కానీ ఎప్పుడు? 2010 అక్టోబరు నాటికి. ఏడాది పట్టింది. మధ్యలో 2009 డిసెంబరులో 1226 దాకా పోయి, 2010 ఫిబ్రవరిలో 1045 దాకా జారింది. 226 డాలర్ల లాభం చూసినవాడు అందులో ముప్పావు వంతుకు పైగా కరిగిపోవడం కూడా చూశాడు. నెక్‌లైన్ మాత్రం కిందికి తెగలేదు. అప్పుడు నిబ్బరంగా ఉన్నవాడికే ఆ టార్గెట్ దక్కింది. పుస్తకంలో బాణం గుర్తు ఒక్క గీతగా ఉంటుంది, బతుకులో అది పన్నెండు నెలలు.

బంగారం ఇంకో చిక్కు కూడా చూపిస్తుంది. 320 డాలర్లు కలపాలా, శాతం కలపాలా? 680 నుంచి 1000 అంటే నూటికి 47 వంతుల పెరుగుదల. వెయ్యికి 47 శాతం కలిపితే 1470. డాలర్ల లెక్క 1320 చూపిస్తే శాతం లెక్క 150 ఎక్కువ చూపిస్తోంది. 2011 ఏప్రిల్‌లో ధర దాన్నీ దాటింది కాబట్టి ఇక్కడ తగాదా లేదు. కానీ పైన ఏర్పడే ఆకారంలో ఇది చాలా తేడా తెస్తుంది. ఒక షేరు 40 నుంచి 200కి పెరిగిందనుకోండి. తల 200, నెక్‌లైన్ 110. ఎత్తు 90. రూపాయల లెక్కలో టార్గెట్ 20. అంటే పెరుగుదల మొదలైన చోటు కన్నా కిందికి. శాతం లెక్కలో 110కి 45 శాతం తగ్గిస్తే సుమారు 60. ఆకారం ఎత్తు ధరలో పెద్ద వంతు అయినప్పుడు రూపాయల లెక్కను నమ్మకండి. చిన్న ఆకారాల్లో, 2009 సూచీలో లాగా నూటికి 8 వంతుల ఎత్తు ఉన్నప్పుడు, రెండు లెక్కలకూ తేడా అంతగా ఉండదు.

ఇంతవరకు చెప్పిన వైఫల్యాలన్నీ చార్టు లోపలివి. చార్టు బయటి నుంచి వచ్చేవి వేరే ఉన్నాయి. వాటికి మన ఊరి ఉదాహరణే ఉంది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ బయటికి వచ్చింది. ఖాతాల్లో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు లేనేలేవని అందులో ఉంది. ముందు రోజు 179 రూపాయల దగ్గర ముగిసిన షేరు ఆ రోజు 40 దగ్గర ముగిసింది. అంతకు మూడు వారాల ముందు, మేటాస్ కంపెనీలను కొంటామన్న ప్రకటన తర్వాత డిసెంబరు 17న ఒక్క రోజులోనే 30 శాతం పడింది. ఆ కంపెనీ మీద ఏ ఆకారం చూసి కొన్నవాడైనా, 170 దగ్గర స్టాప్‌లాస్ పెట్టుకున్నాను కాబట్టి 9 రూపాయలకు మించి పోదు అనుకుని ఉంటే పొరబడినట్టే. స్టాప్‌లాస్ అంటే ఆ ధరకు అమ్ముడుపోతుందన్న హామీ కాదు, ఆ ధర తాకితే అమ్మకానికి పెట్టమని బ్రోకర్‌కు ఇచ్చే ఆదేశం. కొనేవాడు ఏ ధరకు దొరికితే ఆ ధరకే. ట్రిగర్‌తో పాటు లిమిట్ ధర కూడా పెట్టి ఆ లిమిట్ కిందికి ధర దూకితే ఆదేశం అలాగే వేలాడుతుంది, షేరు మీ చేతిలోనే ఉంటుంది.

మళ్లీ ఆముదం దగ్గరికి వస్తే, పాలమూరు, నల్లగొండ మెట్టల్లో ఈ పంట వేసే అలవాటు పాతదే అయినా, దేశంలో ఎక్కువ భాగం గుజరాత్‌లోనే పండుతుంది, ఫ్యూచర్స్ ధర అక్కడి మార్కెట్లతోనే ముడిపడి ఉంటుంది. 2016 జనవరిలో ధర వేగంగా పడిపోతుంటే 27వ తేదీన ఎన్‌సీడీఈఎక్స్ ఆముదం ఫ్యూచర్స్ లావాదేవీలనే నిలిపేసింది. ఇలాంటి చోట నెక్‌లైన్ తెగినా, తెగకపోయినా లెక్క వేరే. సరుకు కాంట్రాక్టుల్లో రోజువారీ ధర పరిమితి ఉంటుంది. ధర పడుతూ ఆ పరిమితి దగ్గర అతుక్కుపోతే అమ్మేవాళ్లే ఉంటారు, కొనేవాళ్లు ఉండరు. సరైన వైపున ఉన్నవాడు కూర్చుని చూస్తాడు, తప్పు వైపున ఉన్నవాడు బయటపడలేక చూస్తాడు. కొద్దిమంది మాత్రమే వ్యాపారం చేసే సరుకులో ఆకారం గీసేముందు రోజుకు ఎన్ని కాంట్రాక్టులు చేతులు మారుతున్నాయో చూడాలి. పానగల్ కుర్రాడికి నేను మొదట చెప్పింది కూడా అదే.

ఈ ఆకారం మొత్తం మీద పని చేస్తుందా, చేయదా అని కొలిచినవాళ్లు ఉన్నారు. న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు 1995లో ప్రచురించిన పత్రం కోసం కరోల్ ఆస్లర్, కెవిన్ చాంగ్ ఆరు దేశాల కరెన్సీల రోజువారీ ధరలు, 1973 నుంచి 1994 దాకా, కంప్యూటర్‌కు ఇచ్చి ఈ ఆకారాన్ని వెతికించారు. జర్మన్ మార్కులో, జపాన్ యెన్‌లో లాభం వచ్చింది. పౌండు, కెనడా డాలరు, ఫ్రెంచి, స్విస్ ఫ్రాంకుల్లో రాలేదు. ఆ తర్వాత వాళ్లే ఇంకో మాట చెప్పారు: లాభం వచ్చిన చోట కూడా, ఇంతకన్నా సులువైన నియమాలు పాటించినవాడికి ఎక్కువే వచ్చేది. అమెరికా షేర్ల మీద ఆస్లర్ చేసిన పరిశీలనలో ఈ ఆకారం లాభం ఇవ్వలేదు గానీ, అది ఏర్పడిన రోజుల్లో లావాదేవీలు మాత్రం పెరిగాయి. అంటే జనం దీన్ని చూసి నిజంగానే కొంటున్నారు, అమ్ముతున్నారు. లాభం వేరే సంగతి. వీటిని చదివాక నా అభిప్రాయం ఇది. కొనడానికో అమ్మడానికో ఇదొక్కటే కారణం కాకూడదు. కానీ ఇప్పటికే చేతిలో ఉన్న షేరు నుంచి ఎప్పుడు బయటికి రావాలో నిర్ణయించుకోవడానికి ఇది పనికొస్తుంది. ఎందుకంటే అక్కడ మీరు టార్గెట్‌ను నమ్మాల్సిన పనిలేదు, గీత తెగిందా లేదా అన్నదే చూస్తారు.

మన దగ్గర ఇంకో పరిమితి కూడా ఉంది. చేతిలో లేని షేరును అమ్మి రాత్రి దాటించడం నగదు మార్కెట్‌లో మామూలు మదుపరికి కుదరదు. అందుకే పైన ఏర్పడిన ఆకారాన్ని చూసి చాలామంది పుట్ ఆప్షన్ కొంటారు. అందులో ఒక దొంగదెబ్బ ఉంది. గీత తెగాక ధర రీటెస్ట్‌కు వచ్చి రెండు వారాలు అక్కడే తిరిగి ఆ తర్వాత టార్గెట్‌కు పోయిందనుకోండి. చార్టు గెలిచింది. కానీ ఆ రెండు వారాల్లో ఆప్షన్‌లో కాలం విలువ కరిగిపోతుంది, గడువు దగ్గరపడిందైతే చాలా వేగంగా కరుగుతుంది. మీరు ధర గురించి సరిగ్గానే చెప్పి, రోజుల గురించి తప్పు చెప్పారు. ఆప్షన్ మాత్రం రెండింటికీ డబ్బు అడుగుతుంది. బంగారం ఉదాహరణలో టార్గెట్‌కు ఏడాది పట్టిందని మరచిపోవద్దు.

కాబట్టి ఈసారి మూడు గుట్టలు కనిపిస్తే గీత గీయడంతో ఆగకుండా, ఆ గీత ఏ ధర దగ్గర ఉందో, ముగింపు ధర దాన్ని ఎంత దాటితే నమ్ముతారో, ఆకారం చెడిపోయినట్టు ఏ ధర దగ్గర ఒప్పుకుంటారో ఒక కాగితం మీద రాయండి. తర్వాత ఎన్ని తీసుకోవాలో లెక్క వేయండి. ఒక్క వ్యాపారంలో 2,000 రూపాయలకు మించి పోగొట్టుకోలేను అనుకునేవాడికి, అమ్మిన ధరకూ స్టాప్‌లాస్‌కూ మధ్య 52 రూపాయలు ఉంటే, అతను తీసుకోగలిగింది 38 మాత్రమే. మీ కాంట్రాక్టులో ఒక్క లాట్ అంతకన్నా పెద్దదైతే ఆకారం ఎంత అందంగా ఉన్నా ఆ వ్యాపారం మీ ఖాతాకు సరిపోదు.